కట్ట తెగిందట, నిజమేనా? జిల్లా న్యూస్ వెబ్‌సైట్‌కు నమ్మకం ఎలా వస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మాది చిన్న న్యూస్ వెబ్‌సైట్, దానికి తోడు ఒక వాట్సాప్ ఛానల్, ఒక యూట్యూబ్ ఛానల్. జనగామ నుంచి ములుగు దాకా, అటు కరీంనగర్, మంచిర్యాల నుంచి కూడా, ఇలాంటివే నడుపుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఫోన్లో సగం చెప్పి సగం మరిచిపోతున్నాను కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. ఉదాహరణలు ఎక్కువగా వానాకాలం చెరువుల మీదే ఉంటాయి, ఎందుకంటే మా దగ్గర పుకారుకీ వార్తకీ అసలు పోటీ ఆ రాత్రుల్లోనే జరుగుతుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

వాట్సాప్‌లో అన్నీ ఫ్రీగా, మనకంటే ముందే వస్తుంటే మా వెబ్‌సైట్ ఎవరు చూస్తారు?

వార్త కోసం చూడరు, అది నిజం. ఎవరో ఒకరు గ్రూపులో పెట్టేస్తారు, అందరికీ తెలిసిపోతుంది. కానీ ఆ వెంటనే చదివినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది చూడండి, "ఇది నిజమేనా?" అని, ఆ అనుమానం తీర్చేవాళ్లు గ్రూపులో ఎవరూ ఉండరు. మెసేజ్ పంపిన బావమరిదికీ తెలియదు, అతనికి పంపినవాళ్లకూ తెలియదు. మీరు కూర్చోవాల్సిన చోటు అదే. మా దగ్గరికి మొదట్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది హెడ్‌లైన్ చూసి రాలేదు, ఒక ఫార్వర్డ్‌ను మాకు పంపి "అన్నా, నిజమేనా ఇది?" అని అడగడానికి వచ్చారు. ఆ ప్రశ్నకు ప్రతిసారీ జవాబు ఇవ్వడమే మీ బ్రాండ్ అనుకోండి. జవాబు "ఇంకా తెలియదు, కనుక్కుంటున్నాం" అయినా సరే, ఇవ్వాలి.

పేరు, లోగో, ట్యాగ్‌లైన్ మీద ఎంత ఖర్చు పెట్టాలి?

తక్కువ. పేరు పలకడానికి తేలికగా ఉండాలి, వేరే ఛానల్ పేరుతో కలిసిపోకూడదు, లోగో ఫోన్లో చిన్నగా చూసినా గుర్తుపట్టేలా ఉండాలి, అంతే. "నిజం", "సత్యం", "నిష్పక్షపాతం" అని ట్యాగ్‌లైన్ రాసుకోవద్దని నా సలహా, ఆ మాటలు అందరూ రాస్తారు, ఎవరూ నమ్మరు.

మేం డబ్బు కంటే బుర్ర ఎక్కువ పెట్టింది నాలుగు ముద్రల మీద. ప్రతి కార్డు మీద పైన ఎడమవైపు వీటిలో ఒకటి ఉంటుంది: "ధ్రువపడింది", "ఇంకా తేలలేదు", "నిజం కాదు", "పాతది". రంగులు ఎప్పుడూ మారవు. ఎరుపు రంగు, "బ్రేకింగ్" అనే మాట మేం వాడం. ఈ నాలుగింటిలో బాగా పనికొచ్చేది "పాతది". వరద వీడియోల్లో చాలావరకు నిజమైనవే, కాకపోతే వేరే ఏడాదివి, వేరే ఊరివి. అలాంటిదానికి "నిజం కాదు" అని పెడితే, వీడియోలో నీళ్లు కళ్లకు కనిపిస్తుంటే అబద్ధం ఎట్లయితది అని జనం మనల్నే అనుమానిస్తారు.

తెలంగాణ మాటల్లో రాస్తే సీరియస్‌గా తీసుకుంటారా, పేపర్ భాషలోనే రాయాలా?

వాక్యం మామూలు రాత తెలుగులోనే ఉండనివ్వండి, అందరికీ అర్థమవుతుంది. కానీ వస్తువుల పేర్లు మాత్రం ఊళ్లో పిలిచేవే రాయండి. ఇది అందం కోసం చెప్పడం లేదు, పుకారు పుట్టేదే ఇక్కడ.

చెరువు నిండితే మత్తడి పోస్తుంది, కొన్ని చోట్ల మత్తడి దుంకుతోంది అంటారు. ఎక్కువైన నీళ్లు పోవడానికే దాన్ని కట్టారు, కాబట్టి అది మంచి వార్తే, జనం చూడ్డానికి పోతారు కూడా. కట్ట కింద ఎక్కడో సన్నగా నీళ్లు కారి రంధ్రం పడితే దాన్ని బుంగ అంటారు. అది ప్రమాదమే, కానీ ఇసుక బస్తాలు వేసి ఆపే టైమ్ ఉండొచ్చు. కట్ట కోసుకుపోతే గండి పడింది అంటారు, అప్పుడు ఇక మనుషులను తప్పించడమే పని. ఈ మూడింటినీ తెలియనివాళ్లు "చెరువు పొంగింది", "కట్టకు ముప్పు", "కట్ట తెగింది" అని ఒకదానికి బదులు ఒకటి రాస్తారు. మూడు గ్రూపులు దాటేసరికి మత్తడి గండి అయిపోతుంది. మీరు ప్రతిసారీ సరైన మాట రాస్తే, చెరువు కింద పొలమున్న రైతు ఒక్క వాక్యంలోనే గుర్తుపడతాడు, వీళ్లకు చెరువు తెలుసు అని.

వెబ్‌సైట్‌లో "మా గురించి" పేజీలో ఏం పెట్టాలి?

ఓనర్ ఎవరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, రాసేవాళ్లు ఎవరు, ఓనర్‌కు ఏదైనా పార్టీతో గానీ, రియల్ ఎస్టేట్‌తో గానీ, కాలేజీతో గానీ సంబంధం ఉందా. ఈ చివరిది రాయడానికి అందరూ వెనకాడతారు. మన జిల్లాల్లో ఎవరు ఎవరి మనిషో టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు కాబట్టి, దాచినందువల్ల పోయేదే ఎక్కువ. మా పార్ట్‌నర్లలో ఒకరికి ప్లాట్ల వ్యాపారం ఉంది, అది పేజీలోనే రాశాం, లేఅవుట్ల మీద వచ్చే వార్తల్లో ఆయన మాట ఉండదు అని కూడా రాశాం.

ఇంకొకటి చట్టం ప్రకారం ఉంది. 2021 ఐటీ రూల్స్ కింద ఆన్‌లైన్‌లో వార్తలు ఇచ్చేవాళ్లు ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి, ఆ మనిషిని సంప్రదించే వివరాలు సైట్‌లో కనిపించాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. చాలామంది దీన్ని కాగితం పనిలా చూసి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెడతారు. మేం దానికి "మేం తప్పు రాశామా? ఇక్కడ చెప్పండి" అని పేరు పెట్టి ప్రతి వార్త కింద ఉంచాం.

## వానలు పడక ముందే చేసుకోవాల్సినవి

రాత్రి పదకొండు గంటలకు ఎవరిని అడిగితే నిజం తెలుస్తుంది?

ఆ రాత్రి వెతికితే ఎవరూ దొరకరు, జూన్ మొదటి వారంలోనే లిస్టు రాసుకోవాలి. మేం మండలానికి రెండు మూడు పెద్ద చెరువులు ఎంచుకుని ఒక్కో చెరువుకు నలుగురి నంబర్లు పెట్టుకున్నాం. మొదటి మనిషి కట్టకు దగ్గరగా ఉండేవాళ్లు, అంటే చెరువు నీళ్లు చూసుకునే నీరటి గానీ, మత్స్యకారుల సంఘంలో ఒకరు గానీ. చేపలు కొట్టుకుపోతాయని వాళ్లకు మత్తడి మీద రాత్రంతా కన్ను ఉంటుంది. రెండో మనిషి పంచాయతీ కార్యదర్శి. మూడో మనిషి ఇరిగేషన్ ఏఈ. నాలుగో మనిషిని అందరూ మరిచిపోతారు, చెరువు కింది ఊళ్లో ఉండేవాళ్లు. గండి నిజంగా పడితే మొదట తెలిసేది వాళ్ల వాగుకే.

ఒక జాగ్రత్త. కార్యదర్శి ఏఈని అడిగి మనకు చెప్పి, ఏఈ కార్యదర్శిని అడిగి మనకు చెబితే ఇద్దరు చెప్పినట్టు కనిపిస్తుంది, నిజానికి ఒక్కరి మాట కూడా కాదు. అందుకే ప్రతి ఒక్కరినీ "మీరు కళ్లతో చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడుగుతాం. కళ్లతో చూసినవాళ్లు ఇద్దరు, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు దొరికితేనే "ధ్రువపడింది" అని రాస్తాం.

లిస్టులో ఉన్నవాళ్లకు వానాకాలం కాని రోజుల్లో కూడా అప్పుడప్పుడు ఫోన్ చేయండి. అవసరానికే గుర్తొచ్చేవాళ్ల ఫోన్ అర్ధరాత్రి ఎవరూ ఎత్తరు.

వచ్చే ప్రతి పుకారునూ చెక్ చేసి రాయాలా?

వద్దు. ఒక్క గ్రూపులో యాభై మంది చూసిన అబద్ధాన్ని మనం ఖండిస్తూ రాస్తే అది వేల మందికి చేరుతుంది. మా లెక్క ఇలా ఉంటుంది: ఒకరికొకరు తెలియని ముగ్గురు నలుగురు వేర్వేరు ఊళ్ల నుంచి అదే ప్రశ్న అడిగితే రాస్తాం. లేదా ఒక్కరే అడిగినా, ప్రాణాలకు సంబంధించినదైతే వెంటనే కనుక్కుంటాం, రాయాలా వద్దా అన్నది తర్వాత చూస్తాం. సినిమా వాళ్ల చావులు, ఢిల్లీ రాజకీయాల మీద వచ్చే ఫార్వర్డ్‌లు మేం ముట్టుకోం, అవి తేల్చే శక్తి మాకు లేదు. వాటి కోసం తెలుగులో ఫ్యాక్ట్ చెక్ చేసే వెబ్‌సైట్లు ఉన్నాయి, అడిగినవాళ్లకు వాళ్ల లింకు పంపుతాం. మనకు తెలిసింది మన నాలుగైదు జిల్లాలు, అక్కడ మాత్రం తప్పకూడదు.

## పుకారు వచ్చిన రాత్రి

వాళ్లు రెండు నిమిషాల్లో పెట్టేస్తారు, మేం కనుక్కునేదాకా ఆగితే వెనకబడిపోమా?

పూర్తిగా ఆగమని కాదు. మౌనంగా ఉంటే ఆ ఖాళీని పుకారే నింపుతుంది. పది పదిహేను నిమిషాల్లో ఒక చిన్న కార్డు వేయండి, దాని మీద "ఇంకా తేలలేదు" ముద్ర ఉండాలి. అందులో నాలుగే మాటలు: ఏం తిరుగుతోంది, మాకు ఇప్పటిదాకా తెలిసింది ఏమిటి, ఎవరిని అడుగుతున్నాం, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతాం.

ఆ చివరి మాటలోనే బలం ఉంది. "11:40కి చెబుతాం" అని రాస్తే 11:40కి చెప్పి తీరాలి, కొత్త సంగతి ఏమీ లేకపోయినా "ఇంకా ఏఈ గారు దొరకలేదు, 12 గంటలకు మళ్లీ చెబుతాం" అని రాయాలి. జనం మన దగ్గర ఆగేది ఆ టైమ్ కోసం. మొదటి ఏడాది మేం రెండుసార్లు టైమ్ చెప్పి తప్పాం, ఆ రెండు రాత్రులూ ఛానల్ వదిలిపోయినవాళ్లు వార్త తప్పుపోయిన రోజు కంటే ఎక్కువ.

ఒక రాత్రి మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో చెప్తారా?

చెప్తాను, పరకాల వైపు ఒక ఊరు, పేరు రాయడం లేదు. జులై నెల, రెండు రోజులుగా ముసురు. రాత్రి 10:50కి ఒక మెసేజ్ వచ్చింది: "పెద్దచెరువు కట్ట తెగింది, కింది ఊళ్లన్నీ వెంటనే ఖాళీ చేయండి, అందరికీ షేర్ చేయండి." దాంతో పాటు అర నిమిషం వీడియో, బురద నీళ్లు రోడ్డును కోసుకుంటూ పోతున్నాయి. 11:05కల్లా నాలుగు ఊళ్ల నుంచి అడిగారు.

డెస్క్ మీద ఉన్న కుర్రాడు వీడియోలో దుకాణం బోర్డు కన్నడంలో ఉందని కనిపెట్టాడు. "ఫేక్ అని పెట్టేద్దామన్నా" అన్నాడు. వీడియో మనది కాదు, అంతవరకు ఖాయం. కానీ వీడియో పాతదైతే కట్ట బాగున్నట్టు కాదు కదా, ఎవరో నిజంగా భయపడి దొరికిన వీడియో తగిలించి ఉండొచ్చు. అందుకే 11:10కి రెండు సంగతులనూ విడదీసి కార్డు వేశాం: వీడియో ఈ చెరువుది కాదు, కట్ట గురించి ఇంకా తేలలేదు, కట్ట మీదున్నవాళ్లను, ఇరిగేషన్ వాళ్లను అడుగుతున్నాం, 11:35కి చెబుతాం.

ఏఈ మొదట ఫోన్ ఎత్తి "అంతా బాగానే ఉంది, పుకార్లు నమ్మొద్దని రాయండి" అన్నారు. మీరు చూశారా అంటే, లేదు, దారిలో ఉన్నానన్నారు. మత్స్యకారుల సంఘం పెద్దాయన కట్ట మీదే ఉన్నారు, టార్చి వేసుకుని నడుస్తున్నారు. ఆయన చెప్పింది వేరు: మత్తడి నిండుగా దుంకుతోంది, కట్ట తెగలేదు, కానీ తూము పక్కన బుంగ పడింది, కారే నీళ్లు బురదగా వస్తున్నాయి. బురదగా అన్నారు, అదే ముఖ్యం. తేటగా కారితే చెమ్మ, బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. కింది ఊళ్లో మా నాలుగో మనిషికి ఫోన్ చేస్తే, వాగు మామూలుగానే ఉందన్నాడు. కార్యదర్శి అప్పుడే కట్ట మీదికి వచ్చి బుంగను చూశానని చెప్పారు. కళ్లతో చూసినవాళ్లు ఇద్దరయ్యారు.

11:35కి రెండో కార్డు: "కట్ట తెగలేదు. మత్తడి పోస్తోంది. తూము పక్కన బుంగ పడింది, ఇసుక బస్తాలు తెస్తున్నారు. కట్టకు ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు బడికి వెళ్లండి. కింది ఊళ్లు ఖాళీ చేయమని అధికారులు చెప్పలేదు. 12:30కి మళ్లీ చెబుతాం." 12:30కి ఏఈ అక్కడికి చేరారని, బస్తాలు వేస్తున్నారని రాశాం. పొద్దున ఆరింటికి కారడం తగ్గిందని, ఇళ్లవాళ్లు తిరిగి వెళ్తున్నారని రాశాం.

11:10కి "ఫేక్" అని వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ కట్ట పక్కన ఉన్నవాళ్లు మా కార్డు చూసి పడుకునేవాళ్లు. అనుమానం వద్దని చెప్పే తొందరలో కూడా పుకారు ఎంత తప్పు చేస్తుందో మనమూ అంత తప్పు చేయగలం. 2023 జులై చివర్లో వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు నిజంగానే గండి పడింది, అదే వారం మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇక్కడి జనం ఊరికే భయపడటం లేదు.

వీడియో పాతదో కొత్తదో ఇంట్లో కూర్చుని ఎలా తెలుస్తుంది?

ముందు వీడియోను ఆపి ఆపి చూడండి. బోర్డుల మీద భాష, బస్సు రంగు, కరెంటు స్తంభాలు, బండ్ల నంబర్ ప్లేట్లు చూడాలి. మనకు ఒక మంచి గుర్తు ఉంది: తెలంగాణలో టీజీ నంబర్లు 2024 మార్చి నుంచి వచ్చాయి. టీజీ ప్లేటు కనిపిస్తే వీడియో అంతకంటే పాతది కాదని ఖాయంగా చెప్పొచ్చు. టీఎస్ ప్లేటు కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు, పాత బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

తర్వాత రెండు మూడు చోట్ల స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి, ఒకటి దొరక్కపోయినా ఇంకొకటి దొరుకుతుంది. ఎక్కడా దొరకలేదంటే కొత్తదని కాదు, వాట్సాప్‌లో మాత్రమే తిరిగే వీడియోలు అందులో రావు. అప్పుడు పంపినవాళ్లను "ఇది మీరే తీశారా?" అని అడగడం ఒక్కటే దారి. తీసినవాళ్లు దొరికితే అదే చోట నిలబడి ఇంకో ఫొటో తీసి పంపమంటాం. నిజంగా అక్కడ ఉన్నవాళ్లకు అది ఒక నిమిషం పని.

పిల్లలను ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారని మెసేజ్ వస్తే ఎలా రాయాలి?

దీన్ని చెరువు పుకారులాగా చూడకండి. అక్కడ ఆలస్యం వల్ల ప్రమాదం, ఇక్కడ మనం రాసే మాట వల్లే ప్రమాదం. 2018 మేలో ఇలాంటి ఫార్వర్డ్‌లు తెలంగాణ అంతా తిరిగాయి, నిజామాబాద్ జిల్లాతో సహా కొన్ని చోట్ల అమాయకులను కొట్టి చంపారు.

మేం పెట్టుకున్న పద్ధతి ఇది. పోలీసులతో మాట్లాడకుండా ఒక్క అక్షరం వేయం, "ఇంకా తేలలేదు" కార్డు కూడా వేయం. ఎవరినైనా జనం పట్టుకున్నారని తెలిస్తే ముందు 100కు ఫోన్ చేస్తాం, వార్త తర్వాత. పట్టుకున్న మనిషి ఫొటో, వీడియో వేయం, ముఖం కనిపించకుండా చేసి కూడా వేయం, వేసుకున్న బట్టలు చాలు ఊళ్లో గుర్తుపట్టడానికి. "దొంగ", "ముఠా", "అనుమానితుడు" అనే మాటలు రాయం. రాయాల్సి వస్తే హెడ్‌లైన్ నిజంతో మొదలవుతుంది: "ఫలానా మండలంలో ఏ పిల్లా తప్పిపోలేదని పోలీసులు చెప్పారు." చాలామంది హెడ్‌లైనే చదివి ఫార్వర్డ్ చేస్తారు, అందులో పుకారు ఉంటే మన లోగోతో పుకారే తిరుగుతుంది.

కార్డు ఎలా ఉంటే నమ్ముతారు? మా పెద్దవాళ్లు చదవరు కదా?

కార్డు ఒంటరిగా ప్రయాణిస్తుందని అనుకుని తయారు చేయండి. లింకు ఊడిపోతుంది, కింద రాసిన మెసేజ్ ఊడిపోతుంది, బొమ్మ ఒక్కటే మిగులుతుంది. కాబట్టి తేదీ, టైమ్, ఊరు, మండలం, జిల్లా బొమ్మ మీదే పెద్దగా ఉండాలి. 2016లో కొత్త జిల్లాలు, 2019లో ములుగు, 2021లో హనుమకొండ పేరు, ఇన్ని మార్పుల తర్వాత ఒకే పేరున్న ఊళ్ల మధ్య అయోమయం ఇంకా పెరిగింది, ఊరి పేరు ఒక్కటే రాస్తే సరిపోదు.

వాట్సాప్ 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసే పరిమితి పెట్టింది, బాగా తిరిగిన మెసేజ్‌ను ఒకసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020లో మార్చింది. ఆ కట్టడి పుకారుకూ ఉంది, మన కార్డుకూ ఉంది. అందుకని ఒకరు వంద మందికి పంపుతారని ఆశ పెట్టుకోకుండా, ప్రతి మండలంలో పది మంది నేరుగా ఛానల్‌లో ఉండేలా చూసుకోండి.

పెద్దవాళ్ల కోసం నలభై సెకన్ల ఆడియో వేస్తాం. ఎప్పుడూ ఒకే అక్క గొంతు, మొదటి మాటే తేదీ, టైమ్. ఆ గొంతును ఇప్పుడు కొన్ని ఊళ్లలో పేరు పెట్టి పిలుస్తారు, "ఆమె చెప్పిందా?" అని అడుగుతారు.

## తప్పు జరిగాక

తప్పు రాస్తే డిలీట్ చేస్తే సరిపోదా? ఒప్పుకుంటే పరువు పోదా?

డిలీట్ చేసినా స్క్రీన్‌షాట్ ఉంటుంది, పైగా దాచారనే మాట కూడా వస్తుంది. మా పెద్ద తప్పు చెప్తాను. వెంకటాపూర్‌లో రోడ్డు తెగిందని రాశాం, మండలం పేరు వేయలేదు. వెంకటాపూర్ అనే పేరుతో మా దగ్గర ఒకటి కంటే ఎక్కువ ఊళ్లున్నాయి. వేరే వెంకటాపూర్‌లో ఆ రాత్రి ఆసుపత్రికి బయల్దేరాల్సిన ఒక కుటుంబం ఆగిపోయి, తెల్లారి చుట్టు తిరిగి వెళ్లారు. ఫోన్ చేసి మమ్మల్ని తిట్టారు, తిట్టాల్సిందే.

ఆ రోజు నుంచి పద్ధతి ఇది: తప్పు ఎక్కడ వేశామో దిద్దుబాటు అక్కడే వేస్తాం. ఛానల్‌లో అయితే పాత మెసేజ్ పక్కనే, యూట్యూబ్‌లో అయితే టైటిల్‌లోనూ, పిన్ చేసిన కామెంట్‌లోనూ. "మొదట ఇలా రాశాం, అది తప్పు, సరైనది ఇది, తప్పు ఇందువల్ల జరిగింది" అని నాలుగు ముక్కలు. "అప్‌డేట్" అనే మాటను తప్పు కప్పుకోవడానికి వాడం. సంగతి మారితే అప్‌డేట్, మనం పొరబడితే దిద్దుబాటు. అన్ని దిద్దుబాట్లూ ఒకే పేజీలో తేదీల వారీగా ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. మొదట్లో ఆ పేజీ చూసి నవ్వినవాళ్లున్నారు, నాకు మాత్రం మా సైట్‌లో అన్నిటికంటే విలువైన పేజీ అదే.

మా లోగోతో ఎవరో ఫేక్ కార్డు చేసి తిప్పుతున్నారు, ఏం చేయాలి?

ఎన్నికలప్పుడు ఇది తప్పక జరుగుతుంది. మన పేరు నాలుగు ఊళ్లలో చెల్లుతోంది కాబట్టే వాడుకుంటారు. ముందే చేసుకోవాల్సిన పని, ప్రతి కార్డు మీద ఒక నంబరు వేయడం. సైట్‌లో "ఈ కార్డు మాదేనా?" అని ఒక పెట్టె ఉంటుంది, నంబరు కొడితే అసలు కార్డు కనిపిస్తుంది. ఫేక్ చేసేవాళ్లు నంబరు కూడా కాపీ కొడతారు, కొట్టనివ్వండి, ఆ నంబరుతో వెతికితే వచ్చే మాట వేరుగా ఉంటుంది.

ఫేక్ కార్డు దొరికాక దాని మీద అడ్డంగా, పెద్దగా, బొమ్మను కత్తిరించినా పోనంతగా "ఇది మాది కాదు" అని వేసి ఛానల్‌లో పెట్టండి. మూలకు చిన్నగా వేస్తే దాన్ని కోసేసి మళ్లీ తిప్పుతారు. సైబర్ క్రైమ్ వాళ్లకు 1930 నంబరు డబ్బు మోసాలకు ఎక్కువ పనికొస్తుంది. ఇలాంటివాటికి దగ్గరి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. చేసినవాళ్లు దొరక్కపోయినా, ఆ కార్డు మీది కాదని ఫలానా తేదీనే చెప్పినట్టు కాగితం ఉంటుంది.

## డబ్బు దగ్గర

మండల కంట్రిబ్యూటర్లు యాడ్స్ తేకపోతే సైట్ నడవదు, తెస్తే నమ్మకం పోతుంది. ఎలా?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, మా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. జీతం లేకుండా ఐడీ కార్డు ఇచ్చి, దసరాకు, నాయకుల పుట్టినరోజులకు ఇన్ని యాడ్స్ తేవాలని టార్గెట్ పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. అలా యాడ్ ఇచ్చిన సర్పంచ్ ఊళ్లో రోడ్డు కొట్టుకుపోతే ఆ అబ్బాయి ఎలా రాస్తాడు? రాయకపోతే ఊరంతా చూస్తుంది, పుకార్లను మనం ఎంత బాగా తేల్చినా ఈ ఒక్కదానితో పోతుంది.

మేం చేసింది, వార్త రాసేవాళ్లు యాడ్ అడగకూడదని పెట్టాం, యాడ్స్‌కు వేరే ఒకే మనిషి. దానివల్ల ఆదాయం తగ్గింది, ఇరవై మండలాల నుంచి ఎనిమిదికి కుదించుకున్నాం. కంట్రిబ్యూటర్‌కు వాడిన ప్రతి వార్తకూ, రాత్రి పూట కనుక్కున్న ప్రతి ఫోన్‌కూ, "అది నిజం కాదు" అని తేల్చిన దానికి కూడా డబ్బిస్తాం. తేల్చినందుకు డబ్బు ఇవ్వకపోతే అందరూ సంచలనమే పంపుతారు. యాడ్ మీద "ప్రకటన" అని పైన, వార్త అక్షరాలంత సైజులో రాస్తాం. శుభాకాంక్షల యాడ్స్ తీసుకుంటాం, పొగుడుతూ వార్తలా రాయమంటే తీసుకోం.

చెరువు రాత్రుల కార్డుల మీద ఏ యాడ్ ఉండదు. భయపడుతూ చూసే బొమ్మ మీద బట్టల షాపు పేరు ఉండకూడదు.

నమ్మకం పెరుగుతోందో లేదో ఎలా లెక్కపెడతారు?

వ్యూస్‌తో లెక్కపెట్టం, అబద్ధానికి కూడా వ్యూస్ వస్తాయి. ఒక నోట్‌బుక్‌లో మూడు సంగతులు రాస్తాం. "ఇది నిజమేనా?" అని నెలలో ఎంతమంది పంపారు, అందులో కొత్త ఊళ్లు ఎన్ని. పుకారు పుట్టాక ఎంతసేపటికి మాకు చేరింది. మొదట్లో మర్నాడు చేరేది, ఇప్పుడు పెద్ద చెరువుల దగ్గరి నుంచి అరగంటలో వస్తోంది. మూడోది ఎవరైనా మా కార్డును తమ ఇంటి గ్రూపులో పెట్టి మామకో, బాబాయికో జవాబు చెప్పిన స్క్రీన్‌షాట్లు. అవి వాళ్లంతట వాళ్లే పంపుతారు.

మొన్న ఒక కింది ఊరి అబ్బాయి పంపిన స్క్రీన్‌షాట్‌లో, కట్ట తెగిందన్న మెసేజ్ కింద వాళ్ల నాయనమ్మ వాయిస్ నోట్ ఉంది. ఆమె అన్నది ఇంతే: "ఆగుర్రి, పదకొండున్నరకు చెప్తరట."